మూడు పేర్లు, రెండు ఆర్కిడ్ నంబర్లు, ఒకే మనిషి

ప్రశ్న: సార్, నేను నల్లగొండ వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. తాగునీటిలో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేశాను. పెళ్లికి ముందు, తర్వాత ఇనిషియల్ మారింది, అందుకని పేపర్లు మూడు రకాల పేర్లతో వచ్చాయి. ఈమధ్య రాజస్థాన్ నుంచి ఒక రీసెర్చర్ నా పేపర్ గురించి అడగాలని ఆరు నెలలు వెతికి, చివరికి మా గైడ్ గారి ద్వారా నన్ను పట్టుకున్నారు. పేపర్లో ఉన్న ఈమెయిల్ పనిచేయడం లేదట. పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ నంబరు ఉంది కానీ రెండు ఉన్నట్టున్నాయి, ఒకదాని పాస్‌వర్డ్ గుర్తులేదు. గూగుల్ స్కాలర్‌లో నా పేరు కొడితే గుండె జబ్బుల పేపర్లు వస్తున్నాయి. తెలుగులో రాసిన వ్యాసాలైతే ఎక్కడా కనబడవు. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత? నా పేరు వేయకండి.

జవాబు: పేరు వేయొద్దన్నారు కాబట్టి ఒక పేరు ఊహించుకుందాం, లేకపోతే ఈ విషయం చెప్పడం కుదరదు. మీ ఇంటిపేరు కొల్లూరి, పేరు వెంకట లక్ష్మి, పెళ్లయ్యాక ఇంటిపేరు పోతుల అనుకోండి. మీ పేపర్లలో కొన్నింటి మీద K. Venkata Lakshmi అని, కొన్నింటి మీద V. L. Kolluri అని, ఆఖరిదాని మీద P. Venkata Lakshmi అని ఉందనుకుందాం. ఇవి ముగ్గురు మనుషులు కాదని మీకు తెలుసు, మీ గైడ్‌కి తెలుసు, కంప్యూటర్‌కి మాత్రం తెలియదు.

లక్ష్మి గారూ, పాస్‌వర్డ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పేరు తేల్చండి, ఎందుకంటే మిగతా పనులన్నీ దాని మీదే నిలబడతాయి.

మన పేర్లతో వచ్చే తిప్పలు ఇవీ. ఇంటిపేరు ముందు రాస్తాం, అది కూడా ఒక్క అక్షరంగా కుదించి. జర్నల్ ఫారమ్ మాత్రం First name, Last name అని రెండు గళ్లు ఇచ్చి కూర్చుంటుంది. మీరు ఒకసారి Last name గడిలో Lakshmi అని కొట్టారు, ఇంకోసారి కో ఆథర్ మీ తరఫున Kolluri అని కొట్టాడు. మొదటి పేపర్‌ని రెఫరెన్సుల్లో వాడేవాళ్లు Lakshmi, K. V. అని రాస్తారు, రెండోదాన్ని Kolluri, V. L. అని. ఎవరూ తప్పు చేయలేదు, ఫారమ్‌లో ఉన్నది ఉన్నట్టు రాశారంతే. కానీ Lakshmi K V అన్నది మన రెండు రాష్ట్రాల్లోనే ఎంతమందికి సరిపోతుందో మీరే ఊహించుకోండి, దానికి తోడు కర్ణాటక, తమిళనాడు కూడా ఉన్నాయి. మీ గుండె జబ్బుల పేపర్లు అక్కడినుంచే వచ్చాయి, పాపం ఆ డాక్టరు గారికి మీ ఫ్లోరైడ్ పేపర్లు వెళ్లి ఉంటాయి.

నా సలహా ఏమిటంటే ఇకముందు పేపర్లన్నీ Venkata Lakshmi Kolluri అని పూర్తిగా విప్పి రాయండి, Last name గడిలో ఎప్పుడూ Kolluri. ఎక్కువ పేపర్లు K. Venkata Lakshmi పేరున ఉన్నా సరే ఇదే మేలంటాను, ఎందుకంటే ఇంటిపేరు చివర పెడితే రెఫరెన్సులో మిమ్మల్ని వేరు చేసి చూపించేది అదే. పెళ్లి తర్వాత ఇంటిపేరు వాడాలా అంటే, ఆధార్‌లో, సర్వీస్ రికార్డులో ఏముందో పేపర్ మీద అదే ఉండాలన్న రూలు జర్నళ్లకు లేదు. మొదటి పేపర్ ఏ ఇంటిపేరుతో వచ్చిందో అదే కొనసాగించేవాళ్లు బోలెడుమంది. లేదు, పోతుల అనే రాయాలి అని మీకుంటే రాయండి, అది మీ ఇష్టం, కానీ మళ్లీ మార్చొద్దు. వచ్చేసిన పాత పేపర్లలో పేర్లు మార్చమని పబ్లిషర్ల వెంట పడక్కర్లేదు. ఆ పాతవాటిని ఒక్కచోటకి కట్టడానికే ఆర్కిడ్ ఉంది.

ఇప్పుడు ఆర్కిడ్‌కి వద్దాం. 2012 అక్టోబర్‌లో మొదలైంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, మనలాంటి వ్యక్తులకు ఉచితం. అది ఇచ్చేది 16 అంకెల నంబరు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు, చివరి అంకె స్థానంలో ఒక్కోసారి X ఉంటుంది. ఆ చివరిది ముందున్న 15 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టేది, కాబట్టి ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ అక్కడే పట్టేస్తుంది. స్కోపస్, గూగుల్ స్కాలర్ లాంటి పేపర్ల సూచికలు మీ పేపర్లను చూసి "ఇది ఈవిడదే అయ్యుంటుంది" అని ఊహిస్తాయి. ఆర్కిడ్ ఊహించదు, మీరు చెప్పిందే ఉంచుకుంటుంది. ఆ తేడా వల్లే ముందు దీన్ని సరిచేసి, తర్వాత ఊహించేవాటి దగ్గరకు వెళ్లాలి. అటునుంచి ఇటు వస్తే వాటి తప్పులన్నీ తెచ్చి మీ చేత్తో మీ రికార్డులోనే పోసుకున్నట్టవుతుంది.

రెండు నంబర్లున్నాయన్నారు కదా. ఇది చాలా మామూలు. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో ఆర్కిడ్ క్యాంపు పెడితే, కొత్తగా నంబరు తీసుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరికి అప్పటికే ఒకటి ఉండేది. పీహెచ్‌డీలో ఉండగా ఏదో జర్నల్ అడిగిందని కంగారులో తీసుకుని, ఆ రాత్రే మర్చిపోయి ఉంటారు. (నాకూ రెండున్నాయని క్యాంపు నడిపిన రెండో ఏడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.)

ముందు orcid.orgలో పైనున్న సెర్చ్ గడిలో మీ మూడు పేర్లూ ఒక్కొక్కటే కొట్టి చూడండి, రెండు నంబర్లూ కాగితం మీద రాసుకోండి. ఏది ఉంచుకోవాలి? ఇప్పటికే అచ్చయిన పేపర్లలో ఏ నంబరు పడిందో దాన్ని. రెండూ పడితే మీరు లాగిన్ కాగలిగేదాన్ని. తీసేయబోయే దానిలో పేపర్లు, ఉద్యోగం, చదువు వివరాలు ఏమైనా ఉంటే ముందే రాసిపెట్టుకోండి, అవి రెండోదానిలోకి వాటంతట అవి రావు, అక్కడే చెరిగిపోతాయి. తర్వాత ఉంచుకునే అకౌంట్‌లోకి లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో డూప్లికేట్ రికార్డును తొలగించే చోట రెండోదాని నంబరు లేదా ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇక్కడ మీ చిక్కు పాస్‌వర్డ్. అది యూనివర్సిటీ ఈమెయిల్‌తో తీసుకుని, ఆ ఈమెయిల్ ఇప్పుడు బతికిలేకపోతే రీసెట్ లింకు మీకు చేరదు. అప్పుడు ఆర్కిడ్ సపోర్ట్ పేజీ నుంచి వాళ్లకు రాయాలి, రెండు నంబర్లూ ఇచ్చి, రెండూ నావే, ఇది ఉంచండి అది తీసేయండి అని. అలా తీసేశాక పాత నంబరు లింకు నొక్కినవాళ్లు కూడా కొత్తదానికే చేరతారు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. అదే సెట్టింగ్స్‌లో అకౌంట్‌ని డీయాక్టివేట్ చేసే బటన్ కూడా ఉంటుంది. పొరపాటున దాన్ని నొక్కితే పాత నంబరు ఖాళీ అవుతుందే తప్ప కొత్తదానికి దారి చూపించదు. పేపర్ మీద అచ్చయిన నంబరు నొక్కినవాడు ఖాళీ పేజీ చూసి వెళ్లిపోతాడు.

ఒక్క నంబరు మిగిలాక దానికి కనీసం రెండు ఈమెయిళ్లు తగిలించండి, ఒకటి కాలేజీది, ఒకటి మీ సొంత జీమెయిల్. రేపు బదిలీ అయినా, రిటైరైనా, ఇప్పుడు పడ్డ తిప్పలు మళ్లీ ఉండవు.

ఇక పేర్లు. Published name దగ్గర Venkata Lakshmi Kolluri అని పెట్టండి. Also known as దగ్గర మిగతావన్నీ ఒక్కొక్కటి వేరువేరుగా చేర్చండి: K. Venkata Lakshmi, V. L. Kolluri, P. Venkata Lakshmi, ఎవరైనా కలిపి రాసి ఉంటే Venkatalakshmi K కూడా, చివరగా తెలుగులో కొల్లూరి వెంకట లక్ష్మి. తెలుగు లిపి నిక్షేపంగా తీసుకుంటుంది. రాజస్థాన్ ఆయన ఆరు నెలలు ఏ పేరు కొట్టాడో ఆ పేరు మీ పేజీలో లేకపోబట్టే దొరకలేదు, ఇప్పుడు ఏది కొట్టినా ఇక్కడికే వస్తాడు.

పేపర్లు చేర్చడానికి నాలుగైదు దారులున్నాయి గానీ మీకు పనికొచ్చేది ఒక్కటే. Works దగ్గర Add నొక్కి, డీఓఐతో, అంటే ఒక్కో పేపర్‌కి శాశ్వతంగా ఇచ్చే నంబరుతో, చేర్చేదాన్ని ఎంచుకుని, పేపర్ డీఓఐ అతికించడం. పేరు, జర్నల్, సంవత్సరం అన్నీ అదే తెచ్చుకుంటుంది. డీఓఐ ఉన్న పేపర్లు మీకు ఏడు ఉన్నాయనుకుంటే పది నిమిషాల పని. పేరుతో వెతికి ఒకేసారి దిగుమతి చేసుకునే Search & Link ఉంది, అయిదొందల పేపర్లున్న ప్రొఫెసర్లకు మంచిది, మీకు మాత్రం మళ్లీ గుండె డాక్టరు గారు ఎదురొస్తారు.

గూగుల్ స్కాలర్ నుంచి పేపర్ల వివరాలున్న బిబ్‌టెక్ ఫైలు దించి ఆర్కిడ్‌లో ఎక్కించమని చాలామంది చెబుతారు, నేను వద్దంటాను. ఆ ఫైల్లో డీఓఐ ఉండదు. ఆర్కిడ్ ఒకే పేపర్ రెండుసార్లు వస్తే నంబరు చూసే కలుపుతుంది, టైటిల్ చూసి కాదు. డీఓఐ లేని కాపీ ఒకటి, రేపు పబ్లిషర్ పంపే డీఓఐ ఉన్న కాపీ ఒకటి, పక్కపక్కనే రెండు వరసల్లో కూర్చుంటాయి. ఏడు పేపర్లు పద్నాలుగైనట్టు కనబడతాయి, చూసేవాళ్లకి అదేదో లెక్క పెంచుకోవడానికి చేసినట్టుంటుంది.

డీఓఐ అతికించినా ఏమీ రాకపోతే టెన్షన్ పడకండి, మీ తప్పు కాదు. బ్రౌజర్లో doi.org/ అని కొట్టి దాని వెనక ఆ నంబరు పెట్టి చూడండి. DOI Not Found అని వస్తే ఆ జర్నల్ పేపర్ మీద నంబరు అచ్చేసింది గానీ దాన్ని రిజిస్టర్ చేయలేదన్నమాట. నా దగ్గరికి ఒకాయన ఇలాంటివి మూడు తెచ్చాడు, మూడూ ఒకే జర్నల్‌వి, ఒక్కోదానికి ఫీజు కట్టి వేయించుకున్నవి. ఎడిటర్‌కి మెయిల్ పెడితే జవాబు లేదు. అలాంటివాటిని డీఓఐ గడి ఖాళీగా వదిలి, చేత్తో టైప్ చేసి చేర్చుకోవడమే, పేపర్ ఉన్న పేజీ లింకు ఇస్తే చాలు. ఆ జర్నల్‌కి మళ్లీ పంపకపోవడం మంచిదని వేరే చెప్పాలా.

ఇకముందు వచ్చే పేపర్ల సంగతి. పేపర్ పంపేటప్పుడు జర్నల్ వాళ్ల సైట్లో ఆర్కిడ్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి లాగిన్ అవ్వండి, అంకెలు టైప్ చేసి వదిలేయకండి. అలా చేస్తే పబ్లిషర్ డీఓఐ రిజిస్టర్ చేసేటప్పుడు మీ నంబరు కూడా డీఓఐలు రిజిస్టర్ చేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థకి పంపుతాడు, అక్కడినుంచి మీ ఆర్కిడ్‌లోకి పేపర్ దానంతటదే వస్తుంది. మొదటిసారి మాత్రం క్రాస్‌రెఫ్ మీ అనుమతి అడుగుతూ ఆర్కిడ్ నోటిఫికేషన్లలో ఒక సందేశం పెడుతుంది. దాన్ని ఏదో ప్రకటన అనుకుని తుడిచేసేవాళ్లే ఎక్కువ, ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. ఇంకొకటి, చాలా జర్నళ్లు పేపర్ పంపినవాళ్ల ఆర్కిడ్ మాత్రమే గట్టిగా అడుగుతాయి. మీరు కో ఆథర్ అయితే మీ నంబరు ఎవరూ అడగకపోవచ్చు, పంపేవాళ్లకి మీరే ముందుగా చెప్పి, మీ అకౌంట్ నుంచి కలపమని లింకు వస్తే నొక్కండి. పాత పేపర్లు మాత్రం ఈ దారిన రావు, అందుకే ఆ ఏడూ చేత్తో.

అన్నీ పెట్టాక మీకు పేజీ నిండుగా కనిపిస్తుంది, ఊరికే సంతోషపడకండి, అది లాగిన్ అయి ఉన్న మీకు మాత్రమే కావచ్చు. ప్రతి వరస పక్కనా ఎవరు చూడాలన్న గుర్తు ఉంటుంది, Everyone, Trusted parties, Only me అని. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ మార్చినా ఆ తర్వాత చేర్చినవాటికే పనిచేస్తుంది, ముందున్నవాటిని విడిగా మార్చుకోవాలి. బ్రౌజర్లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా మీ ఆర్కిడ్ లింకు కొట్టి చూడండి, లోకానికి కనబడేది అదే. పేజీ ఎలా ఉండాలో నమూనా కావాలంటే 0000-0002-1825-0097 చూడండి. అది జోసయా కార్బెరీ అనే ప్రొఫెసర్‌ది, ఆయన అసలు లేడు, అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 1929 నుంచి నడుపుతున్న ఒక సరదా, పగిలిన కుండల మీద పరిశోధన చేస్తాడట.

సంప్రదించడం దగ్గరే మీకు అసలు దెబ్బ తగిలింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆర్కిడ్‌లో ఈమెయిల్ మొదట్లో మీకొక్కరికే కనబడేలా ఉంటుంది. మీరు కావాలని తెరిస్తే తప్ప, ఎంత చక్కటి పేజీ అయినా చూసినవాడు మీకు ఉత్తరం రాయలేడు. గూగుల్ స్కాలర్‌లోనూ అంతే, కాలేజీ ఈమెయిల్ వెరిఫై అయిందని చెబుతూ దాని డొమైన్ మాత్రమే చూపిస్తుంది, అసలు అడ్రస్ చూపించదు. పేపర్ మొదటి పేజీలో ఉన్నది పీహెచ్‌డీ నాటి యూనివర్సిటీ ఈమెయిల్, అది మీరు బయటికొచ్చిన కొన్నాళ్లకు పోయింది. అంటే మూడు తలుపులూ మూసే ఉన్నాయి, రాజస్థాన్ ఆయన మీ గైడ్ గారి ఇంటి తలుపు కొట్టాల్సి వచ్చింది.

నేనైతే రీసెర్చ్ కోసం ఒక ప్రత్యేక జీమెయిల్ తెరిచి, దాన్ని ఆర్కిడ్‌లో Everyone అని పెడతాను. "మీ విలువైన పేపర్‌ని మూడు రోజుల్లో అచ్చేస్తాం" అనే ఉత్తరాలు వెల్లువెత్తుతాయి, నిజమే. అందుకే అది ప్రత్యేకంగా ఉండాలన్నది, ఇంటి విషయాలకు వాడే మెయిల్ దానిలో మునిగిపోకుండా. ఇకమీదట పేపర్లలో కరెస్పాండింగ్ ఆథర్‌గా కూడా అదే ఇవ్వండి. కాలేజీ ఈమెయిలే కావాలని జర్నల్ పట్టుబడితే అది ఇచ్చి, మీ ఆర్కిడ్ పేపర్ మీద పడేలా చూసుకోండి, ఉద్యోగం మారినా ఆ నంబరు పట్టుకుని వచ్చినవాళ్లకి మీ కొత్త అడ్రస్ దొరుకుతుంది. మెయిల్ చివర సంతకంలో నంబరుని ఒట్టి అంకెలుగా కాకుండా పూర్తి లింకుగా రాయండి, ఇదిగో ఇలా, అంకెలు మీవి పెట్టుకుని:

```
Venkata Lakshmi Kolluri
https://orcid.org/0000-0002-1825-0097
```

ఇప్పుడు తెలుగు వ్యాసాలు. మీకు సెమినార్ సంకలనాల్లో రెండు, ఒక మాసపత్రికలో ఒకటి, థీసిస్‌ల భండారం షోధ్‌గంగలో మీ థీసిస్ ఉన్నాయనుకుందాం. ఇవన్నీ ఆర్కిడ్‌లో చేత్తో చేర్చాలి. టైటిల్ గడిలో తెలుగు టైటిల్‌ని తెలుగు లిపిలోనే రాయండి, అనువాద టైటిల్ కోసం వేరే గడి ఉంటుంది, దానిలో ఇంగ్లీషు టైటిల్. చాలామంది తెలుగు టైటిల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వదిలేస్తారు, అప్పుడది తెలుగులో వెతికేవాడికీ దొరకదు, ఇంగ్లీషులో వెతికేవాడికీ దొరకదు.

సంకలనంలో వ్యాసానికి ఐఎస్‌బీఎన్ ఇచ్చేటప్పుడు ఒక చిన్న గడి దగ్గర అందరూ జారిపడతారు. ఆ నంబరుకీ మీ రచనకీ సంబంధం ఏమిటని అడుగుతుంది, అక్కడ Self అని కాకుండా Part of అని పెట్టాలి. ఐఎస్‌బీఎన్ పుస్తకం మొత్తానిది, మీ వ్యాసం దానిలో ఒక భాగం. Self అని పెట్టారంటే, అదే పుస్తకంలో మీవి రెండు వ్యాసాలుంటే నంబరు ఒకటే కాబట్టి ఆర్కిడ్ రెండింటినీ ఒకటే అనుకుని కలిపేస్తుంది, ఒకటి కనబడకుండా పోతుంది. మాసపత్రిక ఐఎస్‌ఎస్‌ఎన్‌కి కూడా ఇదే లెక్క. థీసిస్‌కి మాత్రం షోధ్‌గంగ పేజీలో 10603తో మొదలయ్యే హ్యాండిల్ నంబరు ఉంటుంది, అది మీ థీసిస్‌కే ఇచ్చింది కాబట్టి ఐడెంటిఫయర్ రకం Handle అని ఎంచుకుని Self పెట్టొచ్చు.

కానీ రికార్డులో కనబడటం వేరు, చదవడానికి దొరకడం వేరు. ఆ సంకలనాలు రెండు వందల కాపీలు వేసి, సెమినార్ రోజున సంచుల్లో పెట్టి పంచి ఉంటారు. ఎడిటర్ అనుమతి తీసుకుని మీ వ్యాసం పీడీఎఫ్‌ని జెనోడోలో పెట్టండి. యూరప్‌లోని సెర్న్ అనే పరిశోధన సంస్థ నడుపుతున్న ఉచిత భండారం అది, పెట్టిన ప్రతిదానికీ డీఓఐ ఇస్తుంది. అక్కడ రచయిత వివరాల్లో మీ ఆర్కిడ్ ఇవ్వండి. ఇప్పటికే డీఓఐ ఉన్న పేపర్‌కి మాత్రం అక్కడ ఇంకోటి పుట్టించకండి, పాతదే ఇచ్చే వీలుంది. ఒక పేపర్‌కి రెండు డీఓఐలుంటే సైటేషన్లు రెండు ముక్కలవుతాయి.

ఆ పీడీఎఫ్ తెరిచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైళ్లు కంటికి ముత్యాల్లాంటి తెలుగే, లోపల మాత్రం పిచ్చి గుర్తులు. సెర్చ్ ఇంజన్ చదివేది లోపలున్నదాన్ని, కాబట్టి "ఫ్లోరైడ్" అని ఎవరెంత వెతికినా మీ వ్యాసం తగలదు. స్కాన్ చేసిన బొమ్మల పీడీఎఫ్ అయినా అంతే. మొత్తం వ్యాసాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయడం కుదరకపోతే కనీసం టైటిల్, నాలుగైదు వాక్యాల సారాంశం, కీలక పదాలు జెనోడో పేజీలో యూనికోడ్ తెలుగులో, పక్కన ఇంగ్లీషులో రాయండి. మర్రిగూడ ప్రాంతం ఊళ్ల మీద పనిచేసి ఉంటే ఆ ఊళ్ల పేర్లు కూడా రెండు లిపుల్లో ఇవ్వండి, ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్లు ఊరి పేరుతోనే వెతుకుతారు.

ఇదంతా అయ్యాక గూగుల్ స్కాలర్‌కి రండి. ప్రొఫైల్ సొంత జీమెయిల్‌తోనే తెరవండి, వెరిఫికేషన్‌కి మాత్రం కాలేజీ ఈమెయిల్ ఇవ్వండి. వెరిఫై కాకపోతే పేజీ ఉంటుంది గానీ ఎవరైనా స్కాలర్‌లో మీ పేరు కొట్టినప్పుడు మీ ప్రొఫైల్ పైకి రాదు. మీ కాలేజీకి సొంత డొమైన్ ఈమెయిల్ లేకపోతే ప్రిన్సిపాల్ గారిని అడిగి చూడండి, అప్పటిదాకా ప్రొఫైల్ లింకుని మీరే ఆర్కిడ్‌లో వెబ్‌సైట్ల దగ్గర పెట్టుకోండి. హోంపేజీ గడిలో మీ ఆర్కిడ్ లింకు వేయండి. ఈ రెండింటికీ మధ్య ఆటోమేటిక్‌గా ఏ సంబంధమూ లేదు, మీరు కట్టే ఈ లింకే వంతెన.

తెరిచేటప్పుడు ఇవి నీ పేపర్లేనా అని గుంపులు గుంపులుగా చూపిస్తుంది. గుంపు మొత్తానికి అవును అనేయకండి, తెరిచి చూడండి. ఇప్పటికే చేరిపోయిన గుండె జబ్బులవి టిక్ పెట్టి డిలీట్ చేయండి. ఒకే పేపర్ రెండు రకాల పేర్లతో రెండుసార్లు ఉంటే రెండింటికీ టిక్ పెట్టి Merge నొక్కితే సైటేషన్లు కలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త పేపర్లను దానంతటదే చేర్చే సెట్టింగ్ ఆపి, ముందు మెయిల్ పంపి అడిగేలా మార్చండి. లక్ష్మి అన్న పేరున్నవాళ్లకు ఇది తప్పదు, లేకపోతే ఈసారి గుండె పోయి కిడ్నీ వస్తుంది.

స్కోపస్‌లో మీకు బహుశా రెండు మూడు ఆథర్ ఐడీలు పుట్టి ఉంటాయి, ఒక్కో పేరుకి ఒకటి. చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో ఆథర్ సెర్చ్ చేయొచ్చు. మీవన్నీ ఎంచుకుని కలపమని అభ్యర్థన పెడితే వాళ్లు చూసి కలుపుతారు, కొంత సమయం పడుతుంది. అది కలిశాకే దాన్ని ఆర్కిడ్‌తో లింకు చేయండి, ముందే చేస్తే సగం పేపర్లో, పరాయి పేపర్లో వచ్చి పడతాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు నడిపే పరిశోధకుల జాబితా విద్వాన్‌లో కూడా ఉంటే అక్కడ ఆర్కిడ్ నంబరు పాతది ఉందేమో చూసి మార్చండి, రెండు నంబర్లున్నవాళ్లు అక్కడ మర్చిపోతుంటారు. రీసెర్చ్‌గేట్ కావాలంటే పెట్టుకోండి, సందేశాలు పంపుకోవడానికి బాగానే ఉంటుంది, కాకపోతే పబ్లిషర్ వేసిన పీడీఎఫ్‌ని హక్కులు చూసుకోకుండా అక్కడ ఎక్కించకండి.

ఇదంతా ఒక్కరోజులో కూర్చుని చేయక్కర్లేదు. ఈ ఆదివారం పేరు తేల్చి, రెండో ఆర్కిడ్ గురించి సపోర్ట్‌కి మెయిల్ పెట్టండి. వాళ్ల జవాబు వచ్చేలోపు ఉంచుకోబోయేదానిలో ఆ ఏడు డీఓఐలు, ఈమెయిల్ పూర్తి చేయొచ్చు. తెలుగు వ్యాసాలకు ఎడిటర్ల అనుమతి రావాలి కాబట్టి ఆ ఫోన్లు కూడా ఇప్పుడే చేసేయండి. రాజస్థాన్ ఆయనకు మీ కొత్త ఆర్కిడ్ లింకు ఒకటి పంపి, ఆయన కంప్యూటర్లో పేజీ తెరిస్తే ఏమేం కనబడుతున్నాయో చెప్పమనండి, ఆరు నెలలు వెతికినవాడు ఆ మాత్రం సాయం చేస్తాడు.